కారు ఏసీ ఆయిల్: వినకూడని సలహాలు

"కండెన్సర్ మార్చావా? అయితే ఒక నలభై ఎమ్మెల్ ఆయిల్ పోసి గ్యాస్ పట్టెయ్."

విజయవాడ ఆటోనగర్‌లో కార్ల ఏసీ పని చేసే ఏ షెడ్డులో నిలబడినా ఈ మాట వినిపిస్తుంది. నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్లకు పాతికేళ్లుగా నేనూ ఇదే చెప్పాను. బెల్టుతో తిరిగే కంప్రెసర్ ఉన్న కారుకైతే అది మంచి మాటే. కండెన్సర్ ఊడదీసినప్పుడు దాని సన్నటి గొట్టాల్లో ఉన్న ఆయిల్ దాంతోపాటే పోతుంది. ఆ లోటు పూడ్చకపోతే కంప్రెసర్ కొన్ని నెలల్లో అరిగి గరగరమంటుంది. కానీ అదే మాటను అదే సీసా చేతిలో పట్టుకుని విద్యుత్ కారు దగ్గర చెబితే, నలభై ఎమ్మెల్ ఆయిల్ ఆ కారు ఏసీ మొత్తాన్నీ తినేస్తుంది. ఈ రంగంలో తిరిగే తప్పుడు సలహాలు దాదాపు అన్నీ ఒకప్పటి మంచి సలహాలే. చెప్పేవాడి అనుభవం నిజమైనదే. మారింది కంప్రెసర్.

"ఏ ఆయిలైనా చేసే పని ఒకటే, లోపలి సామాను అరక్కుండా చూడటం"

ఈ సలహాను ముందు విప్పి చూడాలి. మిగతావన్నీ దీని పిల్లలే.

మామూలు పెట్రోలు కారులో కంప్రెసర్‌ను ఇంజను తిప్పుతుంది. బయట పుల్లీ, దాని మీద బెల్టు, లోపల పిస్టన్లు. కరెంటు అన్నది పుల్లీ దగ్గరున్న క్లచ్ కాయిల్‌కో, ఒక చిన్న వాల్వుకో వచ్చే 12 వోల్టులే. గ్యాస్, ఆయిల్ తిరిగే చోట దానికి పని లేదు. అక్కడ ఆయిల్ చేయాల్సింది నిజంగా ఒకటే పని, ఇనుము ఇనుమును రాసుకోకుండా చూడటం. గ్యాస్‌తో కలిసి కారంతా తిరిగి మళ్లీ కంప్రెసర్‌లోకి వచ్చేస్తే చాలు. పాత ఆర్ 12 గ్యాస్ రోజుల్లో మినరల్ ఆయిల్ ఈ పని చేసేది. 1990ల్లో ఆర్ 134ఏ వచ్చాక మినరల్ ఆయిల్ దాంతో కలవక కూలింగ్ కాయిల్‌లోనే చతికిలబడింది. అందుకే పీఏజీ అనే కృత్రిమ ఆయిల్ వచ్చింది. షెడ్డుల్లో 46, 100, 150 అని నంబర్లతో అడిగేది దీన్నే. ఆ నంబరు చిక్కదనం సంగతి.

విద్యుత్ కారులో తిప్పడానికి ఇంజను లేదు. హైబ్రిడ్‌లో ఇంజను ఉన్నా సిగ్నల్ దగ్గర ఆగిపోతుంది, అప్పుడూ చల్లదనం కావాలి. అందుకని మోటారును కంప్రెసర్ డొక్కులోనే పెట్టేశారు. బయటికి తిరిగే షాఫ్ట్ లేదు కాబట్టి అక్కడ సీలు లేదు, సీలు లేదు కాబట్టి లీకూ లేదు. కూలింగ్ కాయిల్ నుంచి చల్లగా తిరిగొచ్చే గ్యాస్ మోటారు వైండింగ్ మీదుగా పోతుంది. దాంతో మోటారూ చల్లబడుతుంది. ఇది మంచి ఆలోచన. కాకపోతే ఆ గ్యాస్‌తో పాటు ఆయిల్ కూడా వైండింగ్‌ను తడుపుతూ పోతుంది. ఆ వైండింగ్‌లో ఉన్నది 12 వోల్టులు కాదు, చాలా కార్లలో 300 నుంచి 400.

మన ఊరి ట్రాన్స్‌ఫార్మర్‌ను గుర్తు చేసుకోండి. అందులో పోసే నూనె దేన్నీ అరగకుండా కాపాడదు, అసలు అందులో తిరిగే సామానే లేదు. వేడి లాగడానికి, వైండింగ్ నుంచి డ్రమ్ముకు కరెంటు పారకుండా అడ్డం నిలవడానికి పోస్తారు. దాంట్లో తడి చేరిందంటే డిపార్ట్‌మెంట్ వాళ్లు నూనె పరీక్ష చేసి వడకడతారు. విద్యుత్ కారు కంప్రెసర్‌లోని ఆయిల్ ఆ ట్రాన్స్‌ఫార్మర్ నూనెకు తమ్ముడు. అరుగుదల ఆపడం దాని సగం పనే. రాగి తీగ మీది ఎనామెల్ పూత మొదటి గోడ. ఆ పూతలో కంటికి కనపడని సూదిబెజ్జాలు ఉంటాయి. తీగలు టెర్మినల్‌కు కలిసే చోట కరెంటుకూ బాడీకీ మధ్య దూరం తక్కువ. అక్కడ ఆయిలే రెండో గోడ.

ఇప్పుడు పీఏజీ ఆ గోడ ఎందుకు కాలేదో చూద్దాం. దాని అణువు పొడవాటి గొలుసు, ఆ గొలుసు పొడవునా కొద్ది కొద్ది దూరంలో ఆక్సిజన్ ఉంటుంది. ఆ ఆక్సిజన్ గాలిలోని తడిని పట్టి లాక్కుంటుంది. తడి, దాంతో వచ్చే మలినాలు చేరిన ఆయిల్‌లో కరెంటు కొద్దికొద్దిగా పారుతుంది. ఎంతో కాదు, బల్బు వెలిగించేంత కాదు. కానీ వందల వోల్టుల దగ్గర ఆ కొద్దే ఎక్కువ. హైబ్రిడ్, విద్యుత్ కార్లకు వాడే పీఓఈ అనే ఎస్టర్ ఆయిల్ దీనికంటే ఎన్నో రెట్లు గట్టిగా కరెంటును ఆపుతుంది. 2003లో వచ్చిన రెండో తరం టొయోటా ప్రియస్‌లో బెల్టు లేని విద్యుత్ కంప్రెసర్ పెట్టినప్పుడే ఎన్‌డీ ఆయిల్ 11 అనే పీఓఈ పోశారు. అదే కంపెనీ మామూలు కార్లకు వాడే ఎన్‌డీ ఆయిల్ 8 పీఏజీ రకం. పేర్లలో తేడా చివరి సంఖ్య ఒక్కటే. ఆ ఎనిమిదిని ఇందులో కలపొద్దని సర్వీసు పుస్తకంలో మొదటి నుంచీ హెచ్చరిక ఉంది.

ఎంత కలిస్తే ముప్పు? పీఓఈలో నూటికి ఒక వంతు పీఏజీ చేరితే, కంప్రెసర్ ఇన్సులేషన్ 10 మెగా ఓములకు పైన ఉన్నది 1 మెగా ఓము కిందికి జారిపోగలదని ఈ రంగంలో శిక్షణ ఇచ్చేవాళ్లు చెబుతారు. ఆ నూటికి ఒకటి ఎంతో మళ్లీ చెబుతాను. ముందు అది పడిపోతే ఏమవుతుందో చూడాలి.

"లైటు వస్తే స్కానర్ పెట్టి కొట్టేయ్"

మామూలు కారులో బ్యాటరీ మైనస్ బాడీకి కలిసి ఉంటుంది. విద్యుత్ కారులోని పెద్ద బ్యాటరీ అలా కాదు. దాని ప్లస్ గానీ మైనస్ గానీ బాడీకి ఎక్కడా తగలదు. అందుకే ఎక్కడో ఒక చోట ఇన్సులేషన్ దెబ్బతిన్నా వెంటనే ఎవరికీ షాకు కొట్టదు. కరెంటు తిరిగి వెళ్లడానికి రెండో దారి లేదు కాబట్టి. కానీ ఆ మొదటి లీకుతోనే బాడీ మొత్తం బ్యాటరీకి ఒక కొసగా మారిపోతుంది. ఇక రెండో కొసను ఎవరైనా, ఏ వైరు దగ్గరైనా తాకితే దారి పూర్తవుతుంది. మెకానిక్ చేయి తగిలే చోటు అదే.

అందుకని కారు తన ఇన్సులేషన్‌ను తానే నిరంతరం కొలుచుకుంటుంది. ఐక్యరాజ్యసమితి ఆర్100 నిబంధన ప్రకారం ఏసీ కరెంటు, డీసీ కరెంటు రెండూ కలిసిన ఇలాంటి వ్యవస్థలో వోల్టుకు కనీసం 500 ఓములు ఉండాలి. 320 వోల్టుల కారుకైతే లక్షా అరవై వేల ఓములు. కంపెనీలు తమ సొంత హద్దు ఇంకా పైనే పెట్టుకోవచ్చు. ఆ హద్దు కిందికి దిగితే డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక వస్తుంది, స్కానర్‌లో చాలా కార్లకు `P0AA6` అని కనిపిస్తుంది. అధిక వోల్టేజీ బాడీ వైపు లీకవుతోందని దాని అర్థం. ప్రియస్‌లో ఆ కోడ్ వెనక 611 అనే ఉపసంఖ్య ఉంటే లీకు ఏసీ వైపే అని కారు వేలు పెట్టి చూపించినట్టే.

కోడ్ కొట్టేస్తే లైటు పోతుంది. ఇన్సులేషన్ మళ్లీ రాదు. పైగా ఈ జబ్బు దాగుడుమూతలు ఆడుతుంది. ఏసీ ఆపి నడిపితే కొన్ని కార్లలో లైటు రాదు, ఏసీ వేశాక వస్తుంది. అందువల్ల "కొట్టేశాక బాగానే ఉందండీ" అని కారు తీసుకుపోయినవాళ్లు నడిరోడ్డు మీద ఆగిపోతారు. కొన్ని కార్లు నడుస్తున్నంతసేపు నడిచి, ఒకసారి ఆపితే మళ్లీ స్టార్టు కావు.

"చల్లగా వస్తోందిగా, ఇంకేం కావాలి?"

పోయిన ఎండాకాలం నా దగ్గరికి వచ్చిన ఒక కారు సంగతి చెబుతాను. విద్యుత్ కారు, ట్యాక్సీగా తిరుగుతోంది. నడిపేది ఇంకా ముప్పై దాటని కుర్రాడు. ఆటో ఒకటి ముందు నుంచి గుద్దితే కండెన్సర్ చిల్లుపడింది. దగ్గర్లోని షెడ్డులో కొత్త కండెన్సర్ వేసి, వాక్యూమ్ పెట్టి, నలభై ఎమ్మెల్ పీఏజీ 46 పోసి, గ్యాస్ పట్టారు. పని శుభ్రంగా చేశారు. ఓ-రింగులు కొత్తవి, గ్యాస్ తూకం సరిగ్గా ఉంది. గాలి మంచులా వచ్చింది.

పదకొండో రోజు మధ్యాహ్నం బెంజి సర్కిల్ దాటాక పసుపు లైటు వచ్చింది. కారు ఆపి మళ్లీ స్టార్టు చేయబోతే కాలేదు. బ్యాటరీ పోయిందేమో అని వాడు హడలిపోయాడు. ట్రక్కు మీద తెచ్చారు. "బాబాయ్, ఏసీ బాగుంది, దాని జోలికి పోకు. బ్యాటరీ ఒక్కటి చూడు" అన్నాడు. ఏసీ చల్లగా ఉంది కాబట్టి దాన్ని ఎవరూ అనుమానించరు. అసలు మోసం అదే. పీఏజీ చల్లదనాన్ని ఏమాత్రం పాడుచేయదు. అది ఆర్ 134ఏతో చక్కగా కలుస్తుంది, కంప్రెసర్‌కు తిరిగి వస్తుంది, గేజీల్లో ప్రెషర్లు సరిగ్గా చూపిస్తాయి. చెడేది గేజీకి కనపడని చోట. కండెన్సర్‌లో పోసిన ఆయిల్ రోజుల తరబడి గ్యాస్‌తో తిరిగి, కొద్దికొద్దిగా మోటారు అడుగున చేరుతుంది. దాంతోపాటు ఇన్సులేషన్ అంచెలంచెలుగా దిగుతుంది. పని చేసిన రోజుకూ లైటు వచ్చిన రోజుకూ మధ్య ఇంత ఎడం ఉండేసరికి రెండిటినీ ఎవరూ ముడిపెట్టరు.

స్కానర్‌లో `P0AA6` ఉంది. ఈ పనికి శిక్షణ ఉన్నవాళ్లు తప్ప ఇంకెవరూ చేయకూడని మెట్లు ఇక్కడ మొదలవుతాయి. చేతులకు 1000 వోల్టులు ఆపే రబ్బరు తొడుగులు వేసుకుని సర్వీసు ప్లగ్గు తీశాం. కెపాసిటర్లు ఖాళీ అవ్వడానికి పది నిమిషాలు ఆగాం. వోల్టులు సున్నా అని మీటరుతో చూసి నిర్ధారించుకున్నాకే నారింజ రంగు వైరు ఉన్న కంప్రెసర్ ప్లగ్గు ఊడదీశాం. అప్పుడు కంప్రెసర్ పిన్నులకూ దాని డొక్కుకూ మధ్య 500 వోల్టుల మెగ్గర్ పెడితే 0.09 మెగా ఓములు చూపించింది. అంటే తొంభై వేల ఓములు, 320 వోల్టుల లెక్కన ఉండాల్సిన లక్షా అరవై వేలలో సగం పైచిల్లర. కంప్రెసర్ పక్కన పెట్టి మిగతా వైర్లను కొలిస్తే ముల్లు పైకొస దాటింది. బ్యాటరీకి ఏమీ కాలేదు.

మెగ్గర్ పట్టేవాళ్లకు రెండు జాగ్రత్తలు. రాత్రంతా ఆగి ఉన్న కారులో ద్రవరూపంలో గ్యాస్ వచ్చి కంప్రెసర్‌లో చేరుతుంది. అప్పుడు మంచి కంప్రెసర్ కూడా తక్కువ చూపించవచ్చు. ఒక్క కొలతతో తీర్పు చెప్పకండి. రెండోది ఇంకా ముఖ్యం. వాక్యూమ్‌లో ఉన్నప్పుడు మెగ్గర్ పెట్టొద్దు, కంప్రెసర్ తిప్పొద్దు. గాలి పలచబడ్డ చోట కరెంటు దూకడం తేలిక, వైండింగ్ అక్కడికక్కడే కాలుతుంది.

ఆయిల్ బయటికి తీస్తే నీళ్లలా తేటగా ఉంది. ఈ సంగతి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే "ఆయిల్ చూస్తే తెలిసిపోతుంది" అన్నది కూడా చెడ్డ సలహాయే. పీఏజీ, పీఓఈ రెండూ తేటగానే ఉంటాయి. వేలి మధ్య రుద్దినా, వాసన చూసినా తేడా తెలియదు. ఆ కారులో కంపెనీ పోసింది సుమారు 120 ఎమ్మెల్. కండెన్సర్‌తో ముప్పై దాకా పోయిందనుకుంటే మిగిలింది తొంభై. దానికి నలభై పీఏజీ కలిసింది. అంటే మొత్తంలో మూడో వంతుకు దగ్గర. నూటికి ఒకటే ఎక్కువైన చోట నూటికి ముప్పై.

"ఒక చుక్క అంటితే ఏమవుతుంది?"

నూటికి ఒకటి ఎంత అన్నది ఇప్పుడు లెక్క వేద్దాం. 120 ఎమ్మెల్‌లో నూటికి ఒకటి అంటే 1.2 ఎమ్మెల్. పిల్లలకు మందు పట్టే చిన్న చెంచాలో నాలుగో వంతు. అది వేరే సీసాలోంచే రానక్కర్లేదు.

పొద్దున ఒక పెట్రోలు కారుకు గ్యాస్ పట్టారు. ఆ గేజీ గొట్టాల లోపలి గోడలకు పీఏజీ అంటుకునే ఉంటుంది. మధ్యాహ్నం అవే గొట్టాలు విద్యుత్ కారుకు తగిలిస్తే, గ్యాస్ వెళ్లేటప్పుడు ఆ ఆయిల్‌ను తోసుకుంటూ పోతుంది. గ్యాస్ లాగి మళ్లీ పట్టే మెషిన్లలో ఇంకా ఎక్కువ దాగుతుంది. చాలామంది మెకానిక్‌లు ఇక్కడ ఒక జవాబు చెబుతారు: "వాక్యూమ్ పెడతాంగా, అంతా లాగేస్తుంది." లాగదు. వాక్యూమ్ గాలినీ నీటి ఆవిరినీ లాగుతుంది. ఆయిల్ ఆవిరి కాదు, అందుకే గంటసేపు పెట్టినా ఉన్న చోటే ఉంటుంది.

లీకు కనిపెట్టడానికి వేసే పచ్చటి డై సంగతీ అంతే. ఒక్కో మోతాదు 7 ఎమ్మెల్ పైన ఉంటుంది. దాన్ని ఏ ఆయిల్‌లో కలిపారో సీసా మీద చూడకుండా ఎక్కిస్తే, అది పీఏజీ అయితే నూటికి ఆరు వంతులు ఎక్కించినట్టు. లీకులు మూసేస్తుందని అమ్మే డబ్బాలను ఈ కార్ల దరిదాపులకు తేవద్దు.

మా షెడ్డులో విద్యుత్ కార్లకు గేజీ సెట్టు, గొట్టాలు, వాక్యూమ్ పంపు వైపు గొట్టం వేరుగా ఉంటాయి. వాటికి నారింజ టేపు చుట్టి వేరే మేకుకు తగిలిస్తాం. కారు యజమానులకు నేను చెప్పేది ఒక్కటే ప్రశ్న అడగమని: "ఈ గొట్టాలతో ఇందాక ఏ కారుకు పట్టారు?" తడుముకోకుండా జవాబు వస్తే అక్కడ పని చేయించుకోండి.

"పీఓఈ అని రాసుంటే చాలు, ఫ్రిజ్ రిపేరు వాళ్ల దగ్గర తక్కువకొస్తుంది"

ఇది సగం తెలిసినవాళ్ల సలహా. అందుకే వినేవాళ్లు నమ్ముతారు. ఇంట్లో ఫ్రిజ్ కంప్రెసర్‌లోనూ మోటారు గ్యాస్, ఆయిల్ తగిలే చోటే ఉంటుంది, ఆర్ 134ఏ ఫ్రిజ్‌లలో పీఓఈయే వాడతారు. అక్కడి వరకు నిజం. కానీ పీఓఈ అన్నది ఒక్క ఆయిల్ పేరు కాదు, ఒక కుటుంబం పేరు. చిక్కదనం వేరు, అందులో కలిపే మందులు వేరు. నిమిషానికి వేల చుట్లు తిరిగే కారు స్క్రోల్ కంప్రెసర్‌కు ఏది కావాలో కంప్రెసర్ మీది స్టిక్కర్ చెబుతుంది. కొన్ని కార్లలో బానెట్ కింద ఉన్న ఏసీ లేబుల్ చెబుతుంది. ఎవరి మాటకన్నా ఆ లేబుల్ మాటే పైది. కొందరు తయారీదారులు విద్యుత్ కంప్రెసర్‌కే ప్రత్యేకంగా చేసిన పీఏజీ రకం కూడా వాడారు. కాబట్టి "విద్యుత్ కారు అంటే పీఓఈ" అని కళ్లు మూసుకుని పోసినా తప్పు కావచ్చు.

అసలైన సీసాయే అయినా మూత తీసి నెల రోజులు బల్ల మీద ఉంచితే అది ఇక అసలైనది కాదు. పీఓఈ కూడా గాలిలో తడిని పీలుస్తుంది. పైగా తడి చేరితే అది వేడికి విడిపోయి మళ్లీ ఆమ్లంగా మారుతుంది. ఆ ఆమ్లం వైండింగ్ మీది ఎనామెల్‌ను కొరుకుతుంది. కృష్ణ ఒడ్డున వానాకాలపు గాలిలో ఇది ఎంత తొందరగా జరుగుతుందో మాకు తెలుసు. చిన్న డబ్బా కొనండి, వాడినంత వాడి మిగిలింది పారేయండి. మూడు వందలు మిగిల్చుకోవడానికి కంప్రెసర్‌ను పణం పెట్టొద్దు.

దీనికి తిరగేసిన తప్పు ఇంకొకటి చూస్తున్నాను. కారు వెనక హైబ్రిడ్ అని రాసుంటే చాలు, కుర్రాళ్లు పీఓఈ తీస్తున్నారు. మన దగ్గర 2015 తర్వాత వచ్చిన మైల్డ్ హైబ్రిడ్లలో చాలావాటికి కంప్రెసర్ ఇంకా బెల్టు మీదే తిరుగుతుంది, దానికి కావాల్సింది పీఏజీ. పేరు చూడకండి, కంప్రెసర్ చూడండి. పుల్లీ, బెల్టు ఉన్నాయా? లావుపాటి నారింజ వైరు దానిలోకి వెళ్తోందా? బానెట్ ఎత్తి టార్చి వేస్తే అర నిమిషంలో తేలిపోతుంది. తాకకుండా చూడండి, అంతే.

"కలిస్తే కలిసింది, తీసి కొత్తది పోసెయ్"

ఆ ట్యాక్సీ కుర్రాడికి ఒకరు ఈ సలహా ఇచ్చారు. వాడు ఆశగా అడిగాడు, కాదని చెప్పడానికి నాకు మనసు రాలేదు. కాగితం మీద లెక్క వేసి చూపించాను.

ఆయిల్ అంతా కంప్రెసర్‌లో ఉండదు. దాదాపు సగం కండెన్సర్‌లో, కూలింగ్ కాయిల్‌లో, గొట్టాల్లో ఉంటుంది. విద్యుత్ కారులో ఇంకొక చోటు కూడా ఉంది. బ్యాటరీని చల్లబరిచే చిల్లర్ అనే పెట్టె. అదే గ్యాస్, అదే ఆయిల్ దాంట్లోనూ తిరుగుతాయి. కంప్రెసర్ విప్పి వంచితే వచ్చేది సగమే అనుకుందాం. నూటికి ముప్పై పీఏజీ ఉన్నప్పుడు సగం తీసి మంచి ఆయిల్ పోస్తే పదిహేను అవుతుంది. కొన్నాళ్లు నడిపి, అంతా కలిశాక మళ్లీ సగం తీస్తే ఏడున్నర. తర్వాత నాలుగు లోపు, రెండు లోపు, ఒకటి లోపు. నూటికి ఒకటి కిందికి రావాలంటే ఐదుసార్లు గ్యాస్ లాగి, ఐదుసార్లు విప్పి, ఐదుసార్లు మళ్లీ పట్టాలి. ప్రతిసారీ మధ్యలో ఆ కారు చెడిన ఇన్సులేషన్‌తోనే రోడ్డు మీద తిరగాలి. అది కూడా ఆయిల్ ప్రతిసారీ సమంగా కలుస్తుందనుకుంటేనే. నిజానికి కాయిల్ మూలల్లో ఉన్నది కదలదు.

ఫ్లష్ చేస్తే? ఇప్పటి కండెన్సర్లలో వెంట్రుకల్లాంటి దారులు పక్కపక్కన ఉంటాయి. ద్రవం తేలికైన దారిలో పోతుంది, ఆయిల్ నిండిన దారిని వదిలేస్తుంది. ఫ్లష్ చేసే ద్రవం కూడా కొంత లోపల మిగులుతుంది, అది ఇంకో కల్తీ. అందుకే ఇలాంటి చోట ఆయిల్ తగిలిన భాగాలన్నీ మార్చమంటారు. మేం కంప్రెసర్, మొన్ననే వేసిన కొత్త కండెన్సర్, కూలింగ్ కాయిల్, ఎక్స్‌పాన్షన్ వాల్వులు, చిల్లర్, గొట్టాలు మార్చాం. బిల్లు లక్ష దాటింది. సామాను వచ్చేదాకా పద్దెనిమిది రోజులు కారు నిలిచిపోయింది. నెలసరి వాయిదా ఆగలేదు. నలభై ఎమ్మెల్ పీఓఈకీ నలభై ఎమ్మెల్ పీఏజీకీ ధరలో తేడా ఆ కుర్రాడి ఒక పూట భోజనం ఖర్చు లోపే.

కొత్త కంప్రెసర్ వేసేటప్పుడు మామూలుగా దాంట్లోని ఆయిల్ కొంత తీసేయాలి. అది మొత్తం కారుకు సరిపడా ఆయిల్‌తో వస్తుంది, కాయిల్‌లో పాతది ఎలాగూ ఉంటుంది కాబట్టి. పాత కంప్రెసర్‌లోంచి ఎంత వచ్చిందో కొలిచి, అంతే కొత్తదాంట్లో ఉంచి మిగతాది తీస్తాం. ఇక్కడ అన్నీ మార్చాం గనుక అలా తీయలేదు. ఇలాంటి తేడాలు అలవాటు మీద పనిచేసే చేతికి తెలియవు.

ఇక పొరపాటు ఇప్పుడే జరిగితే ఏం చేయాలి? ఈ ఒక్కదానికే కొంచెం ఊరట ఉంది. తప్పు ఆయిల్‌ను కండెన్సర్‌లోనో గొట్టంలోనో పోశారు, కంప్రెసర్ ఇంకా ఒక్క చుట్టూ తిరగలేదు, అప్పుడు గుర్తొచ్చింది. అయితే ఆయిల్ పోసిన చోటు దాటి ఎక్కువ దూరం పోయి ఉండదు. కారు స్టార్టు చేయొద్దు. స్టార్టు చేస్తే బ్యాటరీని చల్లబరచడానికి కారు తనంతట తాను కంప్రెసర్ తిప్పేసుకోవచ్చు, ఏసీ బటన్ ఆపి ఉన్నా సరే. ఛార్జింగ్‌కు కూడా పెట్టొద్దు, అదే కారణం. 12 వోల్టుల బ్యాటరీ మైనస్ ఊడదీసి, ఆయిల్ తగిలిన ఆ ఒక్క భాగాన్ని, దానికి కలిసిన గొట్టాలను మార్చి, కంప్రెసర్ ఇన్సులేషన్ కొలిచి, అప్పుడు ముందుకు పొండి. మార్చిన కండెన్సర్ ఖరీదు ఆ షెడ్డు భరించాలి. మా దగ్గర ఒక కుర్రాడు పోయిన శ్రావణంలో సరిగ్గా ఇలాగే తప్పు సీసా వంచాడు. వంచిన మరుక్షణం వచ్చి చెప్పాడు. పట్టలేని భయంతో చెప్పాడు, కానీ చెప్పాడు. కండెన్సర్ డబ్బు నేను కట్టాను. మెగ్గర్ పెడితే ముల్లు పైకొస దాటింది.